46 ఉన్నా ట్రైసోమీ ఎలా అయింది?

ప్రశ్న: ఎమ్మెస్సీ జెనెటిక్స్ ప్రాక్టికల్స్‌లో మాకు రెండు కేరియోటైప్ షీట్లు ఇచ్చారు. ఒకటి డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబుది, రెండోది వాళ్ళమ్మది. బాబు షీట్‌లో 46 క్రోమోజోమ్‌లే ఉన్నాయి, 21 దగ్గర రెండే కనిపిస్తున్నాయి. తల్లికి 45 మాత్రమే, 21 ఒక్కటే ఉంది, కానీ ఆమె ఆరోగ్యంగా ఉంది. నేను బాబుది నార్మల్ అనీ, తల్లిది డిలీషన్ అనీ రాశాను. రెండూ తప్పన్నారు. ఇలాంటి షీట్‌ని ఏ క్రమంలో చదవాలి? మియోసిస్‌లో ఏం జరిగి ఈ బాబు పుట్టాడో ఎలా రాయాలి?

సమాధానం:

రెండు షీట్లలోనూ మీరు క్రోమోజోమ్‌లను లెక్కపెట్టారు. ఈ కేసులో లెక్కపెట్టాల్సింది పొడుగు భుజాలను. ఆ లెక్క సరిగ్గా వస్తే బాబు జబ్బు, తల్లి ఆరోగ్యం, మియోసిస్ కథ మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి.

ముందు తల్లి షీట్ తీయండి. 14వ జత దగ్గర ఆగండి. రెండింటిలో ఒకటి మామూలు 14: సెంట్రోమియర్ దాదాపు పై కొసన ఉంటుంది, దాని మీద చిన్న ముడిలాంటి పొట్టి భుజం, కింద పొడుగు భుజం. ఆ పొడుగు భుజంలో సెంట్రోమియర్‌కి దగ్గరగా ఒక ముదురు పట్టీ, బాగా కిందికి ఇంకో ముదురు పట్టీ కనిపిస్తాయి. 13కి ముదురు భాగం ఎక్కువగా కింది సగంలో, 15కి పై సగంలో ఉంటుంది కాబట్టి, పైన ఒకటి కింద ఒకటి అన్న గుర్తుతో 14ని పట్టుకోవచ్చు. ఇప్పుడు దాని పక్కనున్న రెండోదాన్ని చూడండి. సెంట్రోమియర్ నుంచి కిందికి అచ్చం 14 లాగే ఉంటుంది. పైకి చూస్తే చిన్న ముడి బదులు ఓ మోస్తరు పొడవున్న భుజం నిలబడి ఉంటుంది. ఆ భుజంలో సెంట్రోమియర్‌ని ఆనుకున్నట్టే ఒక దట్టమైన ముదురు పట్టీ, ఆ పైన కొస దాకా లేత భాగం.

ఇక 21 దగ్గరికి వెళ్ళి అక్కడున్న ఒక్క క్రోమోజోమ్‌ని తలకిందులుగా ఊహించండి. 21 పొడుగు భుజంలో సెంట్రోమియర్‌కి దగ్గరగా దట్టమైన ముదురు పట్టీ, ఆ కింద లేత భాగం ఉంటాయి. 14 మీద నిలబడ్డ భుజం ఇదే. కనిపించకుండా పోయిన 21 ఎక్కడికీ పోలేదు, 14 నెత్తినెక్కి కూర్చుంది. ఇలా రెండు ఆక్రోసెంట్రిక్ క్రోమోజోమ్‌లు సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఒకటి కావడాన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. 1916లో రాబర్ట్‌సన్ దీన్ని మొదట గమనించింది మిడతల్లో. మనుషుల్లో 13, 14, 15, 21, 22 ఆక్రోసెంట్రిక్‌లు. వీటిలో ఏ రెండైనా ఇలా కలవొచ్చు.

మీరు రాసిన డిలీషన్ అనే మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ అతుకులో 14, 21ల పొట్టి భుజాలు పోయాయి. మరి తల్లికి ఏమీ కాలేదేం? ఆ పొట్టి భుజాల్లో ముఖ్యంగా ఉండేవి రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువుల నకళ్ళు. అవే నకళ్ళు అయిదు ఆక్రోసెంట్రిక్ జతల పొట్టి భుజాల్లోనూ, అంటే మొత్తం పది చోట్ల ఉంటాయి. రెండు పోతే ఇంకా ఎనిమిది మిగులుతాయి, కణానికి అవి చాలు. పొడుగు భుజాలు లెక్కపెట్టండి: 14వి రెండు, 21వి రెండు. ఏదీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. అందుకే ఆమెను సమతుల్య వాహకురాలు అంటారు. నిజంగా 21 ఒక్కటే ఉంటే అది మోనోసోమీ 21 అవుతుంది, అలాంటి పిండం నిలవదు. కాబట్టి 45 క్రోమోజోమ్‌లున్న ఆరోగ్యవంతుల షీట్ చేతికొస్తే, పోయినట్టు కనిపించే క్రోమోజోమ్ ఎవరి మీద ఎక్కి ఉందో వెతకడమే మొదటి పని.

బాబు షీట్‌లోనూ అదే చేయండి. 14వ జతలో ఒకటి మామూలుది, ఒకటి అతుకుది. 21 స్థానంలో విడిగా రెండు. 21 పొడుగు భుజాలు విడిగా రెండు, అతుకులో ఒకటి, వెరసి మూడు. ట్రైసోమీ 21 అంటే 21 పొడుగు భుజం మూడు మోతాదుల్లో ఉండటం, అంతే. ఆ మూడోది విడిగా ఉందా, ఇంకొకదానికి అతుక్కుని ఉందా అన్నది పిల్లవాడి లక్షణాలకు దాదాపు సంబంధం లేని సంగతి. తర్వాతి కాన్పు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం తేడా అంతా అక్కడే ఉంది.

రెండు షీట్లకూ రికార్డులో రాయాల్సిన సంకేతాలు ఇవి:

```
45,XX,der(14;21)(q10;q10)
46,XY,der(14;21)(q10;q10),+21
```

రెండో వరుసలో మొత్తం 46 అని ఉండగా `+21` ఎందుకని చాలామంది తడబడతారు. `der` అన్నది ఒక 14 స్థానాన్నీ ఒక 21 స్థానాన్నీ కలిపి తానొక్కటే ఆక్రమిస్తుంది. కాబట్టి ఆ అతుకు ఉన్నప్పుడు సమతుల్య లెక్క 45. దాని మీద ఒక 21 ఎక్కువైతే 46, ఆ ఎక్కువే `+21`. `q10` అంటే రెండూ సెంట్రోమియర్ దగ్గర, పొడుగు భుజం వైపు నుంచి కలిశాయని. కొన్ని రిపోర్టుల్లో `der` బదులు `rob` అని ఉంటుంది, అర్థం ఒకటే. పోల్చుకోవడానికి మామూలు ట్రైసోమీ ఇలా ఉంటుంది: `47,XY,+21`. 1959లో లెజ్యూన్ బృందం డౌన్ సిండ్రోమ్‌లో చూపింది ఈ 47నే. డౌన్ సిండ్రోమ్ కేసుల్లో సుమారు 95 శాతం ఈ రకమే. ట్రాన్స్‌లొకేషన్ వల్ల వచ్చేవి 3 నుంచి 4 శాతం. మిగిలిన కొద్దిమందిలో కొన్ని కణాలు మామూలుగా, కొన్ని ట్రైసోమీతో ఉంటాయి.

చదివే క్రమం అడిగారు. మొదట లింగ క్రోమోజోమ్‌లు, మొత్తం సంఖ్య. రెండోది గ్రూపుల లెక్క. పట్టీలు సరిగ్గా కనిపించని నాసిరకం స్ప్రెడ్‌లో కూడా ఇది పనికొస్తుంది కాబట్టి దీన్ని వదలొద్దు. మామూలు స్త్రీకి A గ్రూపులో 6, Bలో 4, Cలో 16, Dలో 6, Eలో 6, Fలో 4, Gలో 4 ఉండాలి. పురుషుడికి Cలో 15, Y చేరడం వల్ల Gలో 5. ఈ తల్లి స్ప్రెడ్‌ని లెక్కపెడితే D గ్రూపులో 5, G గ్రూపులో 3 వస్తాయి, C గ్రూపులో 17 వచ్చినట్టు అనిపిస్తుంది. 14, 21 కలిసి ఏర్పడిన క్రోమోజోమ్ పొడవులోనూ సెంట్రోమియర్ స్థానంలోనూ C గ్రూపు వాటిని పోలి ఉంటుంది, అందుకే అందులో కలిసిపోతుంది. D నుంచి ఒకటి, G నుంచి ఒకటి పోయి Cలో ఒకటి పెరిగింది అంటే రాబర్ట్‌సోనియన్ అతుకు కోసం వెతకాలి. బాబుకి D 5, C 16, G 5. G గ్రూపు లెక్క మగపిల్లవాడికి ఉండాల్సినట్టే ఉండటం వల్లనే మీకు నార్మల్ అనిపించింది. Dలో ఒకటి తక్కువ, Cలో ఒకటి ఎక్కువ ఉన్న సంగతి మీ కళ్ళకు అందలేదు.

మూడోది, జత జతగా పట్టీలను పోల్చడం. ఒక్కో జతలో రెండింటినీ పక్కపక్కన పెట్టి సెంట్రోమియర్ దగ్గర మొదలుపెట్టి కింది కొస వరకూ, మళ్ళీ సెంట్రోమియర్ నుంచి పై కొస వరకూ చూడాలి. ఫలానా 14 ఎలా ఉండాలో పుస్తకంలో చూసి పోల్చేకంటే, అదే కణంలోని దాని జోడీతో పోల్చడమే నమ్మకం. ఎందుకంటే ఆ రెండూ ఒకే కణంలో, ఒకే ట్రిప్సిన్ దెబ్బ తిని, ఒకే జీమ్సా రంగు పట్టాయి.

నాలుగోది, చూసింది నిజమేనా అని నిర్ధారించుకోవడం. రాబర్ట్‌సోనియన్ విషయంలో అచ్చం దానిలాగే కనిపించే మోసం ఒకటుంది. ఆక్రోసెంట్రిక్‌ల పొట్టి భుజాలు కేంద్రకాంశం చుట్టూ గుమిగూడే అలవాటున్నవి. ఆ సాంగత్యం వదలక ముందే కణం స్లైడ్ మీద పరుచుకుంటే, ఒక 14, ఒక 21 తలలు ఆనించుకుని అతుక్కున్నట్టే కనిపిస్తాయి. దాన్ని పట్టుకునే పద్ధతి ఇది. అతుకు దగ్గర ఫోకస్‌ని కొద్దికొద్దిగా పైకీ కిందికీ తిప్పండి. నిజమైన అతుకులో ఒకే నొక్కు ఉంటుంది, ఇటు పట్టీల నుంచి అటు పట్టీలకు మధ్యలో ఖాళీ లేకుండా ఉంటుంది. ఊరికే ఆనుకున్న వాటిలో రెండు నొక్కులు విడివిడిగా, మధ్యలో సన్నటి కాడలూ వాటి కొసన శాటిలైట్ చుక్కలూ కనిపిస్తాయి. అయినా అనుమానం తీరకపోతే మిగతా కణాల వైపు వెళ్ళండి. పుట్టుకతో వచ్చిన అతుకు అయితే ప్రతి కణంలోనూ అదే ఉంటుంది. ఆనుకోవడం అయితే ఒక కణంలో 14, 21, ఇంకో కణంలో 13, 22, మరో కణంలో ఏదీ ఉండదు.

అందుకే ఒక్క స్ప్రెడ్ చూసి రిపోర్టు రాయరు. మామూలుగా 20 కణాలు లెక్కపెడతారు, వాటిలో అయిదింటిని పట్టీ పట్టీగా చదువుతారు, ఒకటి రెండింటిని జతలుగా అమరుస్తారు. ఆ 20లో ఎక్కడో ఒక కణంలో 45 వస్తే కంగారు పడక్కర్లేదు. ఉప్పు తక్కువ ద్రావణంలో ఉబ్బిన కణం స్లైడ్ మీద చిట్లినప్పుడు ఒక క్రోమోజోమ్ పక్కకి కొట్టుకుపోవడం మామూలే. అలా పోయేది ఒక్కో కణంలో ఒక్కోటి అవుతుంది. ప్రతి కణంలోనూ ఒకటే పోతుంటేనే దానికి అర్థం ఉంటుంది. 20 కణాలూ ఒకేలా ఉన్నాయంటే, 14 శాతం అంతకంటే ఎక్కువ కణాల్లో వేరే కేరియోటైప్ దాగి ఉండే అవకాశాన్ని 95 శాతం నమ్మకంతో తోసిపుచ్చవచ్చు. అంతకంటే తక్కువ శాతంలో కలగలుపు ఉందేమోనని అనుమానిస్తే ఇంకా ఎక్కువ కణాలు లెక్కపెట్టాల్సిందే.

ఇక మియోసిస్. రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. 14 పొడుగు భుజానికి నీలం, 21 పొడుగు భుజానికి ఎరుపు. తల్లి అండమాతృకణంలో మూడు ముక్కలు ఉంటాయి: నీలం గీత ఒకటి, ఎర్ర గీత ఒకటి, నీలం ఎరుపు కలిసిన అతుకు ఒకటి. మియోసిస్ మొదటి ప్రథమ దశలో సమజాత భాగాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అతుకులోని నీలం భాగం పక్కకి మామూలు 14 వస్తుంది, ఎర్ర భాగం పక్కకి మామూలు 21 వస్తుంది. మామూలుగా రెండేసి జతకట్టాల్సిన చోట మూడూ కలిసి ఒకే నిర్మాణంగా ఏర్పడతాయి. దీన్నే ట్రైవాలెంట్ అంటారు. బొమ్మలో మూడు సెంట్రోమియర్లనూ మధ్యలో దగ్గర దగ్గరగా వేయండి, చాలా బొమ్మల్లో తప్పిపోయేది ఇదే.

ఇప్పుడు కండె పోగులు వీటిని రెండు వైపులకు లాగాలి. మూడింటిని రెండు ధృవాలకు పంచడం అంటే ఒకవైపు రెండు, రెండోవైపు ఒకటి వెళ్తాయి. ఆ ఒంటరి ఏదన్న దాన్ని బట్టి మూడు దారులున్నాయి, ఒక్కో దారికి రెండేసి చొప్పున ఆరు రకాల అండాలు. వీటిని తండ్రి నుంచి వచ్చే మామూలు శుక్రకణంతో, అంటే ఒక నీలం ఒక ఎరుపుతో కలిపి చూడాలి.

అతుకు ఒంటరిగా ఒకవైపు, 14, 21 రెండూ ఇంకోవైపు వెళ్తే అది ఏకాంతర విభజన. 14, 21 చేరిన అండం నుంచి పూర్తిగా మామూలు బిడ్డ పుడతాడు: 46, రెండు నీలం రెండు ఎరుపు. అతుకు ఒక్కటే చేరిన అండం నుంచి తల్లిలాంటి వాహకుడో వాహకురాలో పుడతారు: 45, అయినా రెండు నీలం రెండు ఎరుపు.

14 ఒంటరిగా వెళ్ళి అతుకు, 21 కలిసి వెళ్తే, ఆ కలిసిన అండం నుంచి రెండు నీలం మూడు ఎరుపు వస్తాయి, క్రోమోజోమ్‌లు 46. మీ చేతిలో ఉన్న షీట్ ఇదే. ఆ అండం ఏర్పడినప్పుడు మొదటి ధృవదేహంలోకి పోయింది 14 ఒక్కటే. అలా కాక 14 ఒక్కటే అండంలో మిగిలి ఉంటే రెండు నీలం ఒక ఎరుపు అయ్యేది, అది మోనోసోమీ 21.

21 ఒంటరిగా వెళ్ళి అతుకు, 14 కలిసి వెళ్తే, ఒక రకం అండం నుంచి మూడు నీలం రెండు ఎరుపు, అంటే ట్రైసోమీ 14. ఇంకో రకం నుంచి ఒక నీలం రెండు ఎరుపు, అంటే మోనోసోమీ 14. రెండూ గర్భంలో నిలవవు, చాలాసార్లు గర్భం వచ్చినట్టు తెలియకముందే పోతాయి. తల్లి చరిత్రలో గర్భస్రావాలు ఉన్నాయేమో అడగమని చెప్పేది ఇందుకే.

ఆరు ఫలితాల పక్కన మొత్తం సంఖ్యలు రాసి చూడండి. 46 మూడుసార్లు వస్తుంది: మామూలు బిడ్డకి, డౌన్ బిడ్డకి, ట్రైసోమీ 14కి. 45 కూడా మూడుసార్లు వస్తుంది: వాహకులకి, రెండు మోనోసోమీలకి. అంటే ఈ కుటుంబంలో సంఖ్య ఒక్కటే చూసి ఎవరు ఏమిటో చెప్పడం అసాధ్యం. సంఖ్యతో పాటు రంగులు కూడా లెక్కపెడితే ఒక్కటి కూడా తప్పదు. జవాబు పత్రంలో ఈ ఆరింటికీ సంఖ్య, నీలం, ఎరుపు మూడూ పక్కపక్కన రాస్తే దిద్దేవారికి మీరు విషయం పట్టుకున్నారని వెంటనే తెలుస్తుంది.

ఇక్కడే చాలామంది ఒక అడుగు ముందుకేసి పొరపాటు పడతారు. బతికే అవకాశమున్నవి మూడే కాబట్టి డౌన్ బిడ్డ పుట్టే ప్రమాదం మూడింట ఒకటి అని రాసేస్తారు. అది ఆరు దారులకూ సమాన అవకాశం ఉందనుకున్నప్పటి లెక్క. నిజంగా కుటుంబాల్లో చూసినప్పుడు తల్లి వాహకురాలైతే ఆ ప్రమాదం సుమారు 10 నుంచి 15 శాతం. తండ్రి వాహకుడైతే 1 నుంచి 2 శాతానికి మించదు. తగ్గడానికి కారణం ట్రైవాలెంట్ ఆకారంలోనే ఉంది. అతుకు సెంట్రోమియర్ ఒకవైపుకి తిరిగి ఉంటే, దానికి ఎదురుగా జతకట్టిన 14, 21 రెండూ సహజంగా రెండోవైపుకి తిరుగుతాయి. ఆ అమరికలో లాగుడు రెండువైపులా స్థిరంగా ఉంటుంది, కాబట్టి ఏకాంతర విభజనే ఎక్కువగా జరుగుతుంది. పైగా ట్రైసోమీ 21 పిండాల్లో కూడా కొన్ని పుట్టుక దాకా రావు. మూడింట ఒకటి అన్న సంఖ్యను సిద్ధాంత లెక్కగా రాయండి, పక్కనే వాస్తవ సంఖ్యనూ రాయండి. ఒకటి రాసి రెండోది వదిలేస్తే జవాబు సగమే.

తల్లి వయసు గురించి కూడా ఒక మాట రాయాలి. మామూలు `47,+21` ఎక్కువగా తల్లి మియోసిస్‌లోనే, అందులోనూ మొదటి విభజనలో, 21 జత విడిపోకపోవడం వల్ల వస్తుంది. తల్లి పుట్టకముందే మొదటి విభజన మధ్యలో ఆగిపోయిన అండమాతృకణం, అండం విడుదలయ్యే దాకా ఏళ్ళ తరబడి అదే స్థితిలో ఉంటుంది. క్రోమోజోమ్‌లను పట్టి ఉంచే కొహెసిన్ ప్రోటీన్ ఆ కాలమంతా బలహీనపడుతూ వస్తుంది. అందుకే వయసుతో ప్రమాదం పెరుగుతుంది. ట్రాన్స్‌లొకేషన్ డౌన్‌లో సమస్య ట్రైవాలెంట్ అమరికది, ఇరవై ఏళ్ళ తల్లికీ అదే ట్రైవాలెంట్ ఏర్పడుతుంది. చిన్న వయసు తల్లికి డౌన్ బిడ్డ పుట్టినప్పుడు బిడ్డ కేరియోటైప్ చూడకుండా వయసు చిన్నదేగా, మళ్ళీ రాదులే అనేయడం ప్రమాదకరం.

బిడ్డ షీట్‌లో అతుకు కనిపించగానే తల్లిదండ్రులిద్దరి రక్తమూ పరీక్షించాలి. 14, 21 అతుకు చాలా కేసుల్లో బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది, అప్పుడు తల్లిదండ్రులిద్దరివీ మామూలుగా వస్తాయి, మళ్ళీ వచ్చే అవకాశం తక్కువ. వారసత్వంగా వచ్చిన వాటిలో ఎక్కువ తల్లి నుంచే. మీ కేసులో తల్లిది తేలిపోయింది, కాబట్టి ఆమె అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, ఆమె ఇతర పిల్లలకూ ఈ అతుకు ఉండవచ్చు. ఒకవేళ ఆ అతుకు 14, 21 మధ్య కాక రెండు 21ల మధ్యే ఉండి ఉంటే కథ పూర్తిగా మారిపోయేది. `45,XX,der(21;21)(q10;q10)` ఉన్న తల్లి అండంలో అయితే ఆ అతుకు ఉంటుంది, లేదంటే 21 అసలే ఉండదు. మొదటిది ట్రైసోమీ, రెండోది నిలవని మోనోసోమీ. పుట్టే బిడ్డలందరికీ డౌన్ సిండ్రోమే. అందుకే 21 దగ్గర అతుకు కనిపిస్తే అది దేనితో అన్నది పట్టీలతో తేల్చేదాకా కేరియోటైప్ పూర్తి కానట్టే.

నిజమైన డిలీషన్ ఎలా ఉంటుందో కూడా చూసి పెట్టుకోండి, మళ్ళీ పొరబడకుండా. క్రి దు షా సిండ్రోమ్‌లో 5వ క్రోమోజోమ్ పొట్టి భుజం కొస పోతుంది. సంఖ్య 46 ఉంటుంది, జతలన్నీ ఉంటాయి. 5వ జతలో ఒకదాని పొట్టి భుజం దాని జోడీదాని కంటే కురచగా, కొసనుండే పట్టీలు లేకుండా కనిపిస్తుంది. `46,XX,del(5)(p15.2)` అంటే p15.2 దగ్గర తెగి, అక్కడి నుంచి కొస దాకా పోయిందని. ఇక్కడ కురచ అన్న మాటను నమ్మొద్దు. ఒకే జతలో రెండు క్రోమోజోమ్‌లు ఒకేలా ముడుచుకోవు, ఒకటి కాస్త సాగి ఇంకొకటి బిగిసి ఉండటం ప్రతి స్ప్రెడ్‌లోనూ చూస్తాం. పొడవు తగ్గినా పట్టీలన్నీ వరుసగా ఉంటే అది ముడుచుకోవడమే. ఒక పట్టీ లేకపోతే, అది కనీసం నాలుగైదు కణాల్లో లేకపోతే, అప్పుడు డిలీషన్. ఇంకో హద్దు కూడా ఉంది: సుమారు 50 లక్షల నుంచి కోటి బేస్ జతల కంటే చిన్న లోటు జీమ్సా పట్టీల్లో కనిపించదు. 22q11.2 దగ్గర తరచుగా పోయే ముక్క 30 లక్షల బేస్ జతలంత ఉంటుంది, దానికి ఫిష్ కానీ మైక్రోఅరే కానీ కావాలి. అక్కడ షీట్ నార్మల్‌గా కనిపించడం డిలీషన్ లేదనడానికి రుజువు కాదు.

మియోసిస్‌లో డిలీషన్ ఉన్న క్రోమోజోమ్ తన జోడీతో జతకడుతుంది. పోయిన ముక్క మధ్యలోదైతే మామూలు క్రోమోజోమ్‌లోని ఆ భాగం ఉచ్చులా బయటికి పొడుచుకొస్తుంది. కొసదైతే జతలేకుండా వేలాడుతుంది. ఆ భాగంలో వినిమయం జరగదు. విభజన మాత్రం మామూలుగానే సాగుతుంది, సగం సంయోగబీజాలకు మామూలు క్రోమోజోమ్, సగానికి తెగినది వెళ్తాయి. ట్రైవాలెంట్‌లో ఉన్న చిక్కు ఇక్కడ లేదు.

అయితే డిలీషన్ కనిపించిన ప్రతిసారీ మిగతా క్రోమోజోమ్‌ల కొసలన్నీ మళ్ళీ ఒకసారి చూడండి, ఎక్కడైనా అదనపు పట్టీ ఉందేమోనని. తల్లిదండ్రుల్లో ఒకరికి రెండు వేర్వేరు క్రోమోజోమ్‌ల మధ్య ముక్కలు మారిపోయిన పరస్పర ట్రాన్స్‌లొకేషన్ ఉంటే, వారి మియోసిస్‌లో నాలుగు క్రోమోజోమ్‌లు కలిసి క్వాడ్రివాలెంట్ ఏర్పడుతుంది. అది పక్కపక్కవి కలిసి వెళ్ళేలా విడిపోతే, బిడ్డకి ఒక క్రోమోజోమ్ కొస లోటుగా, ఇంకో క్రోమోజోమ్ కొస అదనంగా చేరతాయి. లోటు కంటికి త్వరగా కనిపిస్తుంది, ఎక్కువైనది దాక్కుంటుంది. 5p లోటు ఉన్న పిల్లల్లో సుమారు 10 నుంచి 15 శాతం మందికి ఇది తల్లిదండ్రుల ట్రాన్స్‌లొకేషన్ నుంచే వస్తుంది. అలాంటి బిడ్డకి `del(5)` అని రాస్తే తప్పు, `der(5)` అని రాయాలి. తల్లిదండ్రుల షీట్లు చూడకుండా ఈ రెండింటిలో ఏదని తేల్చేయొద్దు.